వెనక్కి తిరిగిన ముల్లు

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్ చూసుకున్న ఏళ్లలో ప్రతి బ్యాచ్‌తోనూ ఒక రోజు ఇలా గడిచేది. బల్ల మీద 5 హెచ్.పి. ఇండక్షన్ మోటారు, 415 వోల్టుల త్రీఫేజ్ సప్లై, మధ్యలో రెండు వాట్‌మీటర్లు. మోటారు షాఫ్టుకి ఏ బరువూ తగిలించకుండా ఉత్తినే తిప్పే పరీక్ష అది. స్విచ్ వేయగానే ఒక వాట్‌మీటర్ ముల్లు బుద్ధిగా కుడివైపు కదులుతుంది. రెండోది సున్నా దాటి ఎడమవైపు అంచుకి కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది. వెంటనే ఎవరో ఒకరు స్విచ్ తీసేస్తారు.

"సార్, ఈ మీటరు పోయింది సార్. వేరేది ఇవ్వండి."

"పోలేదు నాయనా. కరెంట్ కాయిల్ తీగలు రెండూ అటుదిటు మార్చి మళ్లీ వెయ్యి. వచ్చిన అంకె ముందు మైనస్ గుర్తు మాత్రం మర్చిపోకు."

తీగలు మారుస్తారు. ముల్లు కుడివైపు వస్తుంది, అంకె రాసుకుంటారు. నలుగురిలో ఒకరైనా మైనస్ మర్చిపోతారు. ఆ చిన్న గీత పోతే ఎంత పోతుందో చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాను. ఒక ముల్లు ఎందుకు వెనక్కి పోయిందో అర్థమైతే, మోటారు లోపల ఏం జరుగుతోందో మూత విప్పకుండానే తెలుస్తుంది.

ముందు ఒక సందేహం. కరెంటు వచ్చేది మూడు తీగల్లో. మరి మీటర్లు రెండే ఎందుకు?

వాట్‌మీటర్‌లో రెండు కాయిల్స్ ఉంటాయి. కదలని కాయిల్ గుండా తీగలోని కరెంటు పోతుంది. ముల్లు తగిలించిన కదిలే కాయిల్‌ని రెండు తీగల మధ్య వోల్టేజికి కలుపుతారు, దాన్ని ప్రెజర్ కాయిల్ అంటారు. రెండింటి అయస్కాంత బలాలూ కలిసి ముల్లును తోస్తాయి. కాబట్టి ఆ మీటరు చూపించేది తన తీగలో కరెంటునీ, ఆ తీగకీ మరో చోటుకీ మధ్య ఉన్న వోల్టేజినీ గుణిస్తే వచ్చేది. ఆ "మరో చోటు" ఏదై ఉండాలన్నదే అసలు కిటుకు.

ఒక వ్యాపారిని ఊహించుకోండి. మూడు సంతల మధ్య తిరుగుతూ ఒక చోట బస్తాలు కొని మరో చోట అమ్ముతాడు. సాయంత్రానికి కొన్నవెన్నో అమ్మినవీ అన్నే, బండిలో ఏమీ మిగల్చడు. ఇప్పుడు మూడు సంతల్లోనూ బస్తా ధర వంద రూపాయలు పెరిగిందనుకుందాం. అతని లాభం మారుతుందా? మారదు. కొన్నప్పుడు ఎక్కువ ఇచ్చిందంతా అమ్మినప్పుడు తిరిగి వచ్చేస్తుంది. అంటే లాభానికి కావలసినవి సంతల మధ్య ధరల తేడాలే. అలాంటప్పుడు ఒక సంత ధరని సున్నాగా పెట్టుకుని, మిగతా రెండు సంతల్లో ధర దానికంటే ఎంత ఎక్కువో తక్కువో రాసుకుంటే చాలు. సున్నా సంతలో ఎన్ని బస్తాలు మారినా లెక్కలోకి వచ్చేది సున్నాయే. అక్కడ గుమాస్తాని పెట్టనక్కర్లేదు.

మూడు తీగల మోటారులో ధర స్థానంలో వోల్టేజి, బస్తాల స్థానంలో కరెంటు. లోపలికి వచ్చిన కరెంటు బయటికి పోవాల్సిందే. ఏ క్షణంలో చూసినా మూడు తీగల కరెంట్లూ కలిపితే సున్నా. అందుకని ఆర్, వై, బి అనే మూడు తీగల్లో 'వై'ని సున్నాగా ఎంచుకుంటాం. ఒక వాట్‌మీటర్ ఆర్ తీగలో, దాని ప్రెజర్ కాయిల్ ఆర్ నుంచి వైకి. రెండోది బి తీగలో, దాని ప్రెజర్ కాయిల్ బి నుంచి వైకి. మూడో మీటరు పెడితే వై నుంచి వైకి కలపాలి, దాని రీడింగ్ ఎప్పుడూ సున్నా. కనుక దాన్ని కొనే పని లేదు.

ఈ సంగతిని ఫ్రెంచి ఇంజినీరు ఆంద్రె బ్లాండెల్ 1893లో షికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సమావేశంలో సాధారణ సూత్రంగా చెప్పాడు. తీగలు ఎన్నుంటే అంతకంటే ఒకటి తక్కువ మీటర్లు చాలు అని. త్రీఫేజ్ కరెంటుని జర్మనీలో లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా 175 కిలోమీటర్లు పంపి చూపించింది 1891లోనే. అంటే కరెంటు దూరం పోవడం మొదలైన రెండేళ్లకే దాన్ని కొలిచే సూత్రమూ స్థిరపడింది. ఈ రెండు మీటర్ల అమరికని జర్మన్లు హెర్మన్ ఆరోన్ పేరు మీద ఇప్పటికీ ఆరోన్ సర్క్యూట్ అంటారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సంతల లెక్కలో మూడు చోట్లా సమానంగా కొనాలని ఎక్కడా అనుకోలేదు. అలాగే మొత్తం పవర్ కోసం మూడు ఫేజుల్లో లోడు సమానంగా ఉండనక్కర్లేదు. స్టార్ అయినా డెల్టా అయినా, ఒక ఫేజులో ఎక్కువ లాగి మరో ఫేజులో తక్కువ లాగినా, నాలుగో తీగ లేనంతవరకు రెండు రీడింగుల మొత్తం సరిగ్గానే ఉంటుంది. విడిగా చూస్తే మాత్రం ఏ మీటరూ ఏ ఒక్క ఫేజు పవర్‌నీ చూపించదు. "ఈ మీటరు ఆర్ ఫేజుది, ఇది బి ఫేజుది" అని విద్యార్థులు అనుకుంటారు. చిక్కంతా ఆ అనుకోవడంలోనే మొదలవుతుంది. ఆర్ తీగలోని కరెంటుని ఆర్ ఫేజు వోల్టేజితో కాకుండా ఆర్‌కీ వైకీ మధ్య వోల్టేజితో గుణిస్తున్నాం. ఆ రెండు వోల్టేజీలూ ఒకే సమయానికి నడవవు.

ఎంత తేడాగా నడుస్తాయి? దీనికి గోడ గడియారాన్ని వాడుకుందాం. ఏసీ వోల్టేజి సెకనుకి 50 సార్లు పెరిగి తరిగి తిరగబడి మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఒక్కో చుట్టునీ గడియారంలో పన్నెండు గంటల చుట్టు అనుకోండి. ఇంజినీర్లు ఆ చుట్టుని 360 డిగ్రీలంటారు, కాబట్టి గడియారంలో ఒక గంట అంటే 30 డిగ్రీలు. మూడు ఫేజులూ ఒకదానికొకటి నాలుగు గంటల దూరంలో నడుస్తాయి. లెక్క వేస్తే ఆర్-వై వోల్టేజి ఆర్ ఫేజు వోల్టేజి కంటే సరిగ్గా ఒక గంట ముందుంటుంది. బి-వై వోల్టేజి బి ఫేజు వోల్టేజి కంటే సరిగ్గా ఒక గంట వెనకుంటుంది.

మోటారులో కరెంటు వోల్టేజితో పాటు నడవదు, కొంచెం వెనకబడుతుంది. ఆ వెనకబాటునే పవర్ ఫ్యాక్టర్ రూపంలో చెబుతాం. వెనకబాటు లేకపోతే పవర్ ఫ్యాక్టర్ 1. ఒక గంట వెనకబడితే 0.866. రెండు గంటలైతే 0.5. మూడు గంటలైతే సున్నా. మూడు గంటలు దాటి ఎడం ఉంటే రెండూ ఎదురెదురుగా నడిచే సమయమే ఎక్కువ కాబట్టి గుణకారం మైనస్ అవుతుంది. వాట్‌మీటర్ ముల్లు చూపేది వోల్టులు, ఆంపియర్లు, ఈ ఎడం తాలూకు అంకె, మూడూ గుణిస్తే వచ్చేదే.

ఇప్పుడు రెండు మీటర్లూ ఏం చూస్తాయో చూడండి. మోటారు కరెంటు ఎంత వెనకబడిందో, ఆర్ తీగలోని మీటరుకి అంతకంటే ఒక గంట ఎక్కువ ఎడం కనిపిస్తుంది. బి తీగలోని మీటరుకి ఒక గంట తక్కువ కనిపిస్తుంది. ఒకే లోడుని ఒకటి పెంచి చూస్తుంది, ఇంకొకటి తగ్గించి చూస్తుంది.

హీటరు లాంటి లోడు పెడితే వెనకబాటు సున్నా. రెండు మీటర్లకీ ఒక గంట ఎడమే కనిపిస్తుంది, ఒకదానికి ముందు వైపు, ఇంకొకదానికి వెనక వైపు. రీడింగులు సమానం. లోడు ఒక గంట వెనకబడితే ఒక మీటరుకి రెండు గంటలు, రెండోదానికి అసలు ఎడమే లేదు. మొదటిది సగం, రెండోది నిండుగా. రీడింగులు ఒకటికి రెండు. లోడు రెండు గంటలు వెనకబడితే ఒక మీటరుకి మూడు గంటలు, అంటే సున్నా. ముల్లు కదలకుండా కూర్చుంటుంది, మొత్తం పవర్‌ని రెండో మీటరు ఒక్కటే చూపిస్తుంది. పవర్ ఫ్యాక్టర్ 0.5 అంటే ఇదే గుర్తు. రెండు గంటల కంటే ఎక్కువ వెనకబడిన లోడు ఏదైనా సరే, మొదటి మీటరుకి మూడు గంటలు దాటిపోయి ముల్లు వెనక్కి తిరగాలి. మా ల్యాబ్‌లో జరిగింది అదే. మీటరు పోలేదు, తీగలు తప్పు కలపలేదు. ఉత్తినే తిరిగే మోటారు పవర్ ఫ్యాక్టర్ 0.5 కంటే బాగా తక్కువ అని ఆ ముల్లు చెబుతోంది.

అంకెలు వేసి చూద్దాం. మీటర్లు 600 వోల్టులు, 5 ఆంపియర్ల రేంజిలో ఉన్నాయి, స్కేలు మీద 150 గీతలు. 600ని 5తో గుణించి 150తో భాగిస్తే గీతకి 20 వాట్లు. లైన్ వోల్టేజి 415, ఒక్కో తీగలో కరెంటు 3.2 ఆంపియర్లు. బి తీగ మీటరు 44 గీతలు, అంటే 880 వాట్లు. ఆర్ తీగ మీటరు తీగలు మార్చాక 21 గీతలు, అంటే మైనస్ 420 వాట్లు. మొత్తం 460 వాట్లు. గాలి రాపిడి, బేరింగులు, ఇనుము వేడెక్కడం, రాగి తీగ వేడెక్కడం, ఇన్నిటికీ కలిపి ఈ మోటారు ఖాళీగా తింటున్నది అంతే.

పవర్ ఫ్యాక్టర్‌కి సూత్రం ఇది. పెద్ద రీడింగుని W₂, చిన్నదాన్ని W₁ అనుకుంటే,

tan φ = √3 × (W₂ − W₁) ÷ (W₂ + W₁)

తేడాలో మైనస్ తీసివేస్తే కలుస్తుంది కాబట్టి 880, 420 కలిపి 1300. మొత్తం 460. సూత్రంలో పెడితే 4.895 వస్తుంది. కోణం 78 డిగ్రీల పైచిలుకు. మన గడియారంలో దాదాపు 2 గంటల 37 నిమిషాలు. పవర్ ఫ్యాక్టర్ 0.2.

ఇది నిజమేనా అని చూసుకోవడానికి రెండో దారి ఉంది. వోల్టేజి, కరెంటు మన దగ్గరున్నాయి. 1.732ని 415తోనూ 3.2తోనూ గుణిస్తే 2300. మొత్తం పవర్ 460ని దీనితో భాగిస్తే మళ్లీ 0.2. రెండు దారులూ ఒకే చోటికి వచ్చాయి.

మైనస్ మర్చిపోయిన విద్యార్థి ఏం చేస్తాడు? 880కి 420 కలిపి 1300 వాట్లంటాడు. మోటారు ఖాళీగా తిరగడానికి అసలు తిన్నదానికి మూడు రెట్లకి దగ్గరగా తింటున్నట్టు చూపిస్తాడు. సూత్రంలో పెడితే అతనికి పవర్ ఫ్యాక్టర్ 0.85 వస్తుంది. నిండా లోడు మోసే మంచి మోటారుకి వచ్చేంత అంకె కావడంతో ఎవరికీ అనుమానం రాదు. కానీ రెండో దారిలో 1300ని 2300తో భాగిస్తే 0.565 వస్తుంది. ఒకే మోటారుకి, ఒకే క్షణంలో, రెండు పవర్ ఫ్యాక్టర్లు ఉండవు. నేను రికార్డులు దిద్దేటప్పుడు ముందు ఈ రెండు అంకెలే పక్కపక్కన పెట్టి చూసేవాణ్ణి. అవి కలవకపోతే ఎక్కడో ఒక గుర్తు జారిపోయినట్టే. గుర్తు సరిగ్గానే ఉండి ఇంకా కలవకపోతే మూడు ఫేజుల్లో లోడు సమానంగా లేదన్నమాట. ఈ పవర్ ఫ్యాక్టర్ సూత్రం సమానమైన లోడుకే పని చేస్తుంది. మొత్తానికి ఆ షరతు లేదు, తేడాకి ఉంది.

తీగలు ఎవరో ముందే అటుదిటు కలిపి వెళ్లారు, ముల్లు కుడివైపే ఉంది, రీడింగు ప్లస్సా మైనస్సా తెలియదు. అప్పుడు ఎలా? ఆర్ తీగ మీటరు ప్రెజర్ కాయిల్‌ని వై నుంచి విప్పి బి తీగకి కలపాలి, సప్లై తీసేశాకే. ఆర్-బి వోల్టేజితో ఆ మీటరుకి కనిపించే ఎడం ఒక గంట తక్కువ వైపుకి మారిపోతుంది. మోటారు ఎంత వెనకబడినా అక్కడ ఎడం రెండు గంటలు దాటదు. కాబట్టి సరిగ్గా కలిపిన మీటరైతే ముల్లు తప్పకుండా ముందుకే రావాలి. అది వెనక్కి పోతే, ఆ మీటరు తిరగేసి కలిపి ఉందని, ఇందాక ముందుకి చూపిన రీడింగు నిజానికి మైనస్ అని తేలిపోతుంది.

ఇప్పుడు మోటారు మీద కొంచెం కొంచెంగా లోడు పెంచుదాం. నాకు ఈ ప్రయోగంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. బ్రేక్ డ్రమ్ము బెల్టు బిగించే కొద్దీ వెనక్కి తిరిగిన ముల్లు మెల్లగా సున్నా వైపు వస్తుంది. ఈ మోటారుకైతే మొత్తం పవర్ సుమారు 1300 వాట్లకి చేరినప్పుడు ఆ ముల్లు సున్నా మీద నిలబడుతుంది, రెండోది 1300 చూపిస్తుంది. కరెంటు మాత్రం 3.2 నుంచి 3.6 ఆంపియర్లకి పెరిగిందంతే. పవర్ దాదాపు మూడు రెట్లయింది, కరెంటు ఎనిమిదో వంతు పెరిగింది. అమ్మీటరు ఒక్కటే చూసి మోటారు ఎంత పని చేస్తోందో చెప్పబోయేవారు మోసపోయేది ఇక్కడే.

ఇంకో సంగతి గమనించారా? ఖాళీగా ఉన్నప్పుడు రెండు ముళ్ల మధ్య తేడా 1300. ఇప్పుడూ తేడా 1300. ఇది యాదృచ్ఛికం కాదు. మోటారు తిరగాలంటే లోపల అయస్కాంత క్షేత్రం నిలబడాలి. దానికోసం లైన్ నుంచి కొంత కరెంటు తెచ్చుకుని చుట్టు తిరిగేలోగా తిరిగి ఇచ్చేస్తుంది. మళ్లీ తెచ్చుకుంటుంది, మళ్లీ ఇస్తుంది. అది పని చేయదు, కానీ తీగల్లో తిరుగుతూనే ఉంటుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని వార్‌లలో కొలుస్తారు. రెండు ముళ్ల మధ్య తేడాని 1.732తో గుణిస్తే వచ్చేవి ఆ వార్‌లే. 1300కి సుమారు 2250 వార్‌లు. అయస్కాంతానికి కావలసింది లోడుతో పెద్దగా మారదు కనుక తేడా దాదాపు స్థిరంగా ఉంటుంది. రెండు ముళ్లూ జంటగా పైకి జరుగుతాయి, వాటి మధ్య దూరం అలాగే ఉంటుంది. మొత్తం పనిని చెబితే తేడా అయస్కాంతాన్ని చెబుతుంది.

నిండు లోడుకి మీటర్లని 10 ఆంపియర్ల రేంజికి మార్చాలి, అప్పుడు గీతకి 40 వాట్లు. కరెంటు 7.4 ఆంపియర్లు. పెద్ద రీడింగు 3060 వాట్లు, చిన్నది 1360, రెండూ ప్లస్సే. మొత్తం 4420. తేడా 1700. కరెంటు పెరిగేసరికి కాయిల్స్ చుట్టూ చెదిరిపోయే అయస్కాంత రేఖలకి కూడా వార్‌లు కావాలి, అందుకే తేడా కొంత పెరిగింది. సూత్రం ప్రకారం పవర్ ఫ్యాక్టర్ 0.83. వెనకబాటు గంటా ఏడు నిమిషాలు. పెద్ద రీడింగున్న మీటరుకి ఎడం ఏడు నిమిషాలే మిగిలింది కాబట్టి అది దాదాపు నిండుగా చూపిస్తోంది.

మన రెండు రాష్ట్రాల్లో బోరు మోటార్లలో 5 హెచ్.పి.వి చాలా ఎక్కువ. వాటి స్టార్టరు పక్కన కెపాసిటర్ పెట్టుకోమని విద్యుత్ సంస్థలు ఎప్పట్నించో చెబుతున్నాయి. ఎందుకో మన రెండు రీడింగులతోనే తేల్చుకోవచ్చు. మోటారు అడిగేది 1700ని 1.732తో గుణిస్తే సుమారు 2940 వార్‌లు. 2 కిలోవార్‌ల కెపాసిటర్ పెడితే అందులో 2000 పక్కనే దొరుకుతాయి. లైన్ నుంచి రావలసింది 940 మాత్రమే. దాన్ని 1.732తో భాగిస్తే రెండు ముళ్ల మధ్య తేడా ఇప్పుడు 545 దగ్గర ఉండాలి. మొత్తం మాత్రం మారదు, 4420. కాబట్టి ఒకటి 2480 దగ్గర, ఇంకొకటి 1940 దగ్గర నిలబడతాయి. లైన్ కరెంటు 7.4 నుంచి 6.3 ఆంపియర్లకి దిగుతుంది. నీళ్లు ఎంత పోశాయో అంతే పోస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే తీగ మాత్రం ఆంపియరు పైన తేలికపడుతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద పది బోర్లు నడిచే పొలంలో ఇది చివరి మోటారుకి చేరే వోల్టేజిలో కనిపిస్తుంది. ఫ్యూజులు పోవడం, వైండింగ్ కాలిపోవడం చూసిన రైతుకి ఈ ఆంపియరు విలువ నేను చెప్పనక్కర్లేదు.

అలాగని పెద్ద కెపాసిటర్ పెట్టకూడదు. ఖాళీ మోటారు అడిగేది 2250 వార్‌లే. అంతకంటే పెద్దది పెడితే, సప్లై పోయి మోటారు ఇంకా తిరుగుతున్నప్పుడు కెపాసిటరే దానికి అయస్కాంతాన్ని నిలబెట్టి జనరేటర్‌లా మార్చేస్తుంది, వోల్టేజి పెరిగే ప్రమాదం ఉంది. మరీ పెద్దది పెడితే ముళ్లే ఆ సంగతి చెబుతాయి. ఇంతకాలం ఎక్కువ చూపించిన బి తీగ మీటరు తక్కువకి దిగి, ఆర్ తీగ మీటరు పైకి పోతుంది. కరెంటు వెనకబడటం మాని ముందుకి నడుస్తోందన్నమాట. అయితే ఈ మాట చెప్పాలంటే ఫేజుల వరుస ఆర్-వై-బి అనే ముందే తెలిసి ఉండాలి. రెండు ఫేజులు అటుదిటు అయితే ఏది పెద్దదన్నదీ తారుమారు అవుతుంది. అందుకే పరీక్షకి ముందు ఫేజ్ సీక్వెన్స్ చూసుకోవడం, వీలైతే ఒకసారి హీటర్ లోడు మీద రెండు ముళ్లూ సమానంగా, ముందుకే నిలుస్తున్నాయో లేదో చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. హీటరు మీద ముల్లు వెనక్కి పోతే మాత్రం అది నిజంగా కనెక్షన్ తప్పే.

ఖాళీ మోటారు రీడింగుల్లో ఇంకో చిక్కుంది. 880లోంచి 420 తీసేస్తున్నాం. ముల్లు చదవడంలో ఒక్కో మీటరు దగ్గర ఒక గీత తప్పినా 20 వాట్ల చొప్పున 40 వాట్లు. 460లో అది దాదాపు తొమ్మిది శాతం. పెద్ద అంకెల్లోంచి చిన్న అంకె తీసుకునేప్పుడు తప్పులు ఇలా పెద్దవైపోతాయి. దీనికి లో పవర్ ఫ్యాక్టర్ వాట్‌మీటర్లు వాడతారు. వాటిలో ముల్లు అయిదో వంతు పవర్‌కే స్కేలు నిండా కదులుతుంది. కానీ పేరు చూసి తొందరపడకండి. లోడు పవర్ ఫ్యాక్టర్ 0.2 కదా అని 0.2 మీటరుని 600 వోల్టులు, 5 ఆంపియర్ల రేంజిలో పెడితే స్కేలు 600 వాట్లకే అయిపోతుంది, 880 చూపాల్సిన ముల్లు అంచుకి కొట్టుకుంటుంది. లోడు వెనకబాటు 2 గంటల 37 నిమిషాలైనా ఆ మీటరుకి కనిపించేది ఒక గంట తక్కువే. దాని వంతుకి వచ్చిన పవర్ ఫ్యాక్టర్ 0.66. 10 ఆంపియర్ల రేంజిలో పెడితే స్కేలు 1200 వాట్లు, గీతకి 8 వాట్లు, అంతా సరిపోతుంది.

ఈ పద్ధతి ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా చెప్పాలి. నాలుగో తీగ, న్యూట్రల్, ఉన్నచోట. త్రీఫేజ్ కనెక్షన్ ఉన్న ఇంట్లో వై ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 2 కిలోవాట్ల గీజర్ ఒక్కటే నడుస్తోందనుకోండి. ఆ కరెంటు వై తీగలో వచ్చి న్యూట్రల్‌లో వెళ్లిపోతుంది. మన రెండు మీటర్లు ఆర్, బి తీగల్లో ఉన్నాయి. రెండూ సున్నా చూపిస్తాయి, నీళ్లు మాత్రం కాగుతాయి. వ్యాపారి నాలుగో సంతకి వెళ్లి వస్తున్నాడు, అక్కడ లెక్క రాసేవాళ్లు లేరు. అందుకే ఇళ్ల త్రీఫేజ్ మీటర్లు మూడు ఫేజుల్నీ విడివిడిగా కొలుస్తాయి. న్యూట్రల్ లేని 11 కేవీ లైన్ల మీద మాత్రం రెండు సీటీలు, రెండు పీటీలతో ఇదే పద్ధతిలో ఫ్యాక్టరీల వాడకం కొలిచే అమరికలున్నాయి.

ఆ అమరికలో ఒక సీటీని తిరగేసి కలిపితే ఏమవుతుందో ఆలోచించండి. మీటరు రెండు రీడింగుల్నీ కలపడం మాని తేడా తీస్తుంది. పవర్ ఫ్యాక్టర్ 0.85తో నడిచే ఫ్యాక్టరీకి అసలు వాడకంలో మూడో వంతు కంటే కొంచెమే ఎక్కువ నమోదవుతుంది. మీటరు తిరుగుతూనే ఉంటుంది, బిల్లు వస్తూనే ఉంటుంది, కాబట్టి పైకి ఏ తేడా కనిపించదు. పట్టుకునేది ఎలాగంటే, రెండు భాగాల రీడింగుల్నీ గుర్తులతో సహా విడిగా చూడటమే. అంత మంచి పవర్ ఫ్యాక్టర్ ఉన్న లోడులో ఒకటి మైనస్ కనిపిస్తే ఆ మైనస్ లోడుది కాదు, కనెక్షన్‌ది. ఖాళీ మోటారు దగ్గర కనిపించిన మైనస్ మోటారుది.

మా ల్యాబ్‌లో ఆ రోజు స్విచ్ తీసేసిన కుర్రాడు సాయంత్రం రికార్డు తెచ్చాడు. మైనస్ 420 అని రాసి, కింద రెండు దారుల్లోనూ 0.2 తేల్చి, ముల్లు సున్నా మీద నిలబడిన క్షణంలో అమ్మీటరు ఎంత చూపిందో పక్కన విడిగా రాసుకున్నాడు. 3.6.

"ఇది అడగలేదు కదరా, ఎందుకు రాశావు?"

"అక్కడ 0.5 అని ముందే తెలుసు కద సార్. కరెంటుతో కూడా వస్తుందో లేదో చూద్దామని."

1300ని 1.732తో, 415తో, 3.6తో భాగించి చూపించాడు. 0.502 వచ్చింది.